ఆఫీసు ఇన్సూరెన్స్‌లో క్యాష్‌లెస్ సర్జరీకి కవరింగ్ లెటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం ఇచ్చిన గ్రూప్ హెల్త్ పాలసీ మీద, తేదీ ముందే ఖాయం చేసుకున్న ఆపరేషన్‌కి క్యాష్‌లెస్ అనుమతి అడిగేటప్పుడు రాసే లెటర్ గురించి ఈ పేజీ. ఉదాహరణ అంతా ఒకటే కేసు: ఒక ఉద్యోగి తల్లి, 58 ఏళ్లు, పిత్తాశయంలో రాళ్లు, ల్యాప్రోస్కోపీ సర్జరీ. జబ్బు వేరైనా లెటర్ నడిచే తీరు ఇదే.

ఆస్పత్రే ప్రీ-ఆథ్ ఫారం పంపుతుంది కదా, మళ్లీ ఈ లెటర్ ఎందుకు?

నిజమే, ముందస్తు అనుమతి కోరుతూ పంపే ఆ ప్రీ-ఆథ్ ఫారం మీదే అనుమతి వస్తుంది. ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్ నింపి, డాక్టరు సంతకం పెట్టి పంపే ఆ ఫారం లేకుండా ఎంత మంచి లెటర్ రాసినా ఫైలు కదలదు.

కాకపోతే ఫారంలో చిన్న చిన్న గళ్లు ఉంటాయి. డ్యూటీ డాక్టరు హడావుడిలో నింపుతారు. స్కాన్ రిపోర్టులో ఒకటి, ఓపీ చీటీలో ఒకటి, ఫారంలో ఇంకొకటి ఉంటే, ఇన్సూరెన్స్ వైపు ఫైలు చూసే డాక్టరు పేషెంటుని చూడలేదు కాబట్టి క్వెరీ వేయడం, అంటే వివరణో కాగితమో అడగడం, తప్ప మార్గం లేదు. ఆ కాగితాలన్నీ ఒకే కథ చెబుతున్నాయని చూపించడం లెటర్ పని. నా దృష్టిలో అసలు లాభం మాత్రం ఇంకొకటి. లెటర్ రాయడానికి కూర్చున్నప్పుడే కాగితాల్లో తేడాలు మన కంటపడతాయి, అడ్మిషన్‌కి ముందే సరిచేయించుకోవచ్చు.

ఎవరికి పంపాలి? ఇన్సూరెన్స్ కంపెనీకా, టీపీఏకా, హెచ్‌ఆర్‌కా?

మీ ఇన్సూరెన్స్ ఈ-కార్డు చూడండి. టీపీఏ అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ. కార్డు మీద టీపీఏ పేరు ఉంటే మీ క్లెయిములు చూసేది వాళ్లే. లెటర్‌ని టీపీఏ క్యాష్‌లెస్ విభాగానికి రాసి, ఇన్సూరెన్స్ కంపెనీనీ, మీ హెచ్‌ఆర్‌నీ కాపీలో పెట్టండి. కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు టీపీఏ లేకుండా సొంతంగా చూసుకుంటాయి, అప్పుడు నేరుగా వాళ్లకే. కంపెనీ పాలసీని బ్రోకర్ ద్వారా తీసుకుని ఉంటే, బ్రోకర్ తరఫున మీ ఆఫీసుకి కేటాయించిన మనిషి ఒకరు ఉంటారు. ఆ మెయిల్ ఐడీ హెచ్‌ఆర్‌ని అడిగి కాపీలో చేర్చండి. ఫైలు ఆగినప్పుడు మీ ఫోన్ కంటే వాళ్ల ఫోన్ త్వరగా పనిచేస్తుంది.

ఒక కాపీ ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూడా ఇవ్వండి. ఫారంతో పాటు వాళ్లే అప్‌లోడ్ చేస్తే అన్నీ ఒకే ఫైల్లో పడతాయి. టీపీఏలో చూసేవాళ్లు వేరే రాష్ట్రంలో ఉండొచ్చు కాబట్టి పంపే కాపీ ఇంగ్లీషులో ఉండాలి. కింద నమూనా అర్థం కావడానికి తెలుగులో ఇచ్చాను.

ఎన్ని రోజుల ముందు?

నిబంధనల ప్రకారం కనీసం 48 గంటల ముందు. 2024 జనవరిలో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ మొదలుపెట్టిన ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ ఏర్పాటు కింద నెట్‌వర్క్‌లో లేని, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం లేని ఆస్పత్రికి వెళ్లేటప్పుడు కూడా ముందే ఖాయమైన అడ్మిషన్‌కి ఇదే గడువు. అయినా వారం ముందే పంపమంటాను. క్వెరీ ఒక్కటి వచ్చినా డాక్టరు సంతకం కావాలి, ఆ డాక్టరు రెండు రోజులు ఊళ్లో లేకపోవచ్చు.

మరీ నెల ముందు పంపడమూ పనికిరాదు. అనుమతికి గడువు ఉంటుంది, అది అప్రూవల్ లెటర్ మీదే రాసి ఉంటుంది. ఆపరేషన్ తేదీ దాని తర్వాతకి జరిగితే మళ్లీ మొదటినుంచి అడగాలి.

గంటలో అనుమతి ఇవ్వాలని రూల్ ఉందంటారు కదా?

ఉంది. 2024 మే 29న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన అందిన గంటలోపు నిర్ణయం చెప్పాలి. కానీ ‘ఈ కాగితం పంపండి’ అని క్వెరీ వేయడం కూడా ఆ గంటలో జరిగిపోవచ్చు, అక్కడినుంచి బంతి ఆస్పత్రి చేతిలో ఉంటుంది. అందుకే గడియారం కంటే ఫైలు నిండుగా వెళ్లిందా లేదా అన్నదే ముఖ్యం.

డయాగ్నోసిస్ ఎలా రాయాలి?

డాక్టరు రాసిన మాటే రాయాలి, అక్షరం మార్చకుండా. ‘కడుపునొప్పి’ అని రాస్తే అది లక్షణం, జబ్బు కాదు. కడుపునొప్పికి పరీక్షల కోసమే చేర్చుకుంటున్నారేమో అన్న అనుమానం వస్తుంది. కేవలం పరీక్షల కోసం అడ్మిషన్ అయితే పాలసీలు చెల్లించవు, ఆ అనుమానమే మొదటి క్వెరీ అవుతుంది.

మన కేసులో డాక్టరు రాసింది ‘సింప్టమాటిక్ కోలీలిథియాసిస్’. పిత్తాశయంలో రాళ్లున్నాయి, వాటివల్ల బాధ ఉంది అని దాని భావం. ఇందులో ‘సింప్టమాటిక్’ అన్న మొదటి మాట పోకూడదు. ఏ బాధా లేని రాళ్లు చాలామందిలో స్కాన్‌లో అనుకోకుండా బయటపడతాయి, వాటికి చాలావరకు ఆపరేషన్ అక్కర్లేదు. బాధ ఉందని లెటర్‌లో లేకపోతే ‘ఇప్పుడే ఆపరేషన్ ఎందుకు’ అని అడుగుతారు, ఆ అడగడం న్యాయమే. అందుకని డయాగ్నోసిస్ పక్కనే రెండు వాక్యాలు రాయండి: బాధ ఏమిటి, ఎప్పటినుంచి, స్కాన్‌లో ఏం కనిపించింది.

ఫారంలో ఐసీడీ-10 కోడ్ గడి ఉంటుంది, జబ్బులకి అంతర్జాతీయంగా వాడే కోడ్ అది. పిత్తాశయంలో రాళ్లు, వాపు లేకుండా, అయితే K80.2. వాపు కూడా ఉంటే కోడ్ మారుతుంది. కోడ్ మీరు వెతికి రాయొద్దు. ఆస్పత్రి ఫారంలో వేసింది చూసి, అదే లెటర్‌లో వేయండి. స్కాన్ రిపోర్టులో ‘గోడ మందంగా ఉంది, వాపు ఉంది’ అని ఉండి ఫారంలో K80.2 కనిపిస్తే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లి చూపించండి. ఈ ఒక్క తేడాకి ఫైలు వెనక్కి రావచ్చు.

‘ఎప్పటినుంచి’ అన్నచోట ఏం రాయాలి? పాత జబ్బు అంటే తిరస్కరిస్తారేమో?

జరిగింది జరిగినట్టు రాయండి. ఈ ప్రశ్న దగ్గరే చాలామంది భయపడి, రెండేళ్లుగా ఉన్న నొప్పిని పదిహేను రోజులంటారు. ఓపీ చీటీలో డాక్టరు ‘రెండేళ్లుగా’ అని రాసి ఉంటుంది. ఇక ఆ ఫైల్లో మిగతా ఏ మాటనీ నమ్మరు.

పైగా గ్రూప్ పాలసీల్లో ఈ భయానికి అంత ఆధారం లేదు. సొంతంగా కొనుక్కున్న పాలసీల్లో పిత్తాశయ రాళ్లలాంటి వాటికి వెయిటింగ్ పీరియడ్, అంటే మొదట కొన్నాళ్లు కవరేజీ ఇవ్వని గడువు, పెట్టడం మామూలే. ఉద్యోగి పాలసీల్లో మాత్రం దాన్ని తీసేసి, పాత జబ్బులకి కూడా మొదటి రోజునుంచే కవరేజీ ఇస్తుంటారు. మీ కంపెనీ పాలసీలో ఆ వాక్యం ఉందో లేదో హెచ్‌ఆర్ ఇచ్చే బెనిఫిట్ మాన్యువల్‌లో చూసుకోండి. ఉంటే లెటర్‌లో ఆ క్లాజు ప్రస్తావించండి.

బీపీ, షుగరు, గుండె జబ్బు, పాత ఆపరేషన్లు కూడా అంతే. మా కేసులో అమ్మగారు ఆరేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. మత్తుమందు ఇచ్చేముందు ఫిట్‌నెస్ చూసే డాక్టరు ఆ సంగతి ఎలాగూ రాస్తారు. లెటర్‌లోనే ముందు చెబితే అది సమాచారంగా ఉంటుంది, తర్వాత బయటపడితే దాచినట్టు ఉంటుంది.

ప్రొసీజర్ గురించి ఎంత రాయాలి?

ఒక్క వాక్యం చాలు: ఆపరేషన్ పేరు, ఏ పద్ధతిలో, ఏ మత్తులో, ఎన్ని రోజులు. ‘ల్యాప్రోస్కోపిక్ కోలీసిస్టెక్టమీ, జనరల్ అనస్థీషియాలో, రెండు రాత్రులు’. చిన్న కోతలతో పిత్తాశయం తీసేసే ఆపరేషన్ అది. స్టెంటు, మోకీలు చిప్ప, లెన్సులాంటివి పెట్టే ఆపరేషన్ అయితే ఆ ఇంప్లాంట్ రకం, ధర కూడా రాయించాలి. అవి ఖర్చులో పెద్ద భాగం.

ఖర్చు అంచనా ఒకే మొత్తంగా రాస్తే సరిపోదా?

సరిపోదు. ఫారంలోనే గది, పరీక్షలు, ఆపరేషన్ థియేటర్, డాక్టర్ల ఫీజులు, మందులు అని విడివిడి గళ్లుంటాయి. ఆస్పత్రి నుంచి సంతకం, స్టాంపు ఉన్న ఎస్టిమేట్ తీసుకుని లెటర్‌లోనూ అదే విభజన పెట్టండి. మా ఉదాహరణలో ఇలా ఉంది: గది, నర్సింగ్ కలిపి రోజుకి 4,500 చొప్పున రెండు రోజులకి 9,000 రూపాయలు. పరీక్షలు 8,000. థియేటర్ 22,000. సర్జను, మత్తు డాక్టరు ఫీజులు 45,000. మందులు, వాడిపారేసే సామగ్రి 26,000. మొత్తం 1,10,000.

ఇది ఆస్పత్రి మామూలు రేటు. నెట్‌వర్క్ ఆస్పత్రికీ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య ఈ ఆపరేషన్‌కి ప్యాకేజీ రేటు ఒప్పందం ఉండొచ్చు. డెస్క్‌లో ‘మా పాలసీకి ప్యాకేజీ ఉందా’ అని అడిగి, ఉంటే ఆ అంకెతోనే ఎస్టిమేట్ రాయించుకోండి. ప్యాకేజీ ఉండి కూడా పైన కట్టమంటే ఆ డబ్బు దేనికో కాగితం మీద అడగండి.

గది అద్దె పరిమితి అంటే? ఎందుకంత జాగ్రత్త?

మొత్తం లెక్కలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మా ఉదాహరణ పాలసీలో సమ్ ఇన్సూర్డ్, అంటే పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తం, 5 లక్షలు, గది పరిమితి అందులో ఒక శాతం, అంటే రోజుకి 5,000. కొన్ని పాలసీల్లో నర్సింగ్ ఛార్జీ కూడా ఇందులోనే కలుస్తుంది, చూసుకోండి. అమ్మగారికి 4,500 గది కాబట్టి ఇబ్బంది లేదు. అదే 7,500 గది తీసుకున్నారనుకుందాం. రోజుకి అదనంగా 2,500, రెండు రోజులకి 5,000 మాత్రమే మనం కట్టుకుంటే సరిపోతుంది అనిపిస్తుంది. కాదు. పరిమితి అసలు అద్దెలో మూడింట రెండొంతులే కాబట్టి థియేటర్, డాక్టర్ల ఫీజుల్లో కూడా మూడింట రెండొంతులే ఇస్తారు. ఆ రెండూ కలిపి 67,000. అందులో మూడో వంతు, సుమారు 22,300 మన నెత్తిన పడుతుంది. గది తేడాతో కలిపితే 27,300. అదీ ఫీజులు పెరగలేదనుకుంటే. ఖరీదైన గదికి చాలా ఆస్పత్రులు ఫీజులు కూడా పెంచుతాయి.

మందులు, సామగ్రి, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదని ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. గదిని బట్టి ఫీజులు మార్చని ఆస్పత్రిలో అసలు ఈ కోతే వర్తించదు. తుది బిల్లులో వాటిమీద కూడా కోసి ఉంటే అక్కడికక్కడే అడగండి. లెటర్‌లో మాత్రం ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: ‘గది అద్దె మా అర్హత పరిమితిలోనే ఉంది.’

లెటర్ మొత్తం ఎలా ఉంటుంది?

ఒక పేజీ దాటకూడదు. ఇదిగో నమూనా:

విషయం: ముందే నిర్ణయించిన సర్జరీకి క్యాష్‌లెస్ ప్రీ-ఆథరైజేషన్ – (పేషెంట్ పేరు) – ఈ-కార్డు నంబరు (…) – అడ్మిషన్ జూన్ 18

క్యాష్‌లెస్ విభాగం వారికి,

నేను (కంపెనీ పేరు)లో ఉద్యోగిని. ఉద్యోగి నంబరు (…), గ్రూప్ పాలసీ నంబరు (…). ఈ పాలసీలో నా మీద ఆధారపడినవారిగా నమోదైన మా అమ్మగారు (కార్డులో ఉన్నట్టే పేరు), వయసు 58, జూన్ 18న (ఆస్పత్రి పేరు, ఊరు)లో సర్జరీ కోసం చేరుతున్నారు. దీనికి క్యాష్‌లెస్ అనుమతి కోరుతున్నాను.

అమ్మగారికి మార్చి నుంచి భోజనం తర్వాత కుడివైపు పై కడుపులో నొప్పి, వాంతులు వస్తున్నాయి. మే 26న సర్జన్‌కి చూపించాం. మే 27 నాటి అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలో అనేక రాళ్లు, పెద్దది 12 మిల్లీమీటర్లు, కనిపించాయి. గోడ మందం మామూలుగానే ఉంది. పిత్తనాళం వెడల్పు కాలేదు. డాక్టరు నిర్ధారణ: సింప్టమాటిక్ కోలీలిథియాసిస్, ఐసీడీ-10 కోడ్ K80.2. మందులతో నొప్పి తాత్కాలికంగానే తగ్గుతోందని, సర్జరీ అవసరమని డాక్టరు రాశారు. అమ్మగారికి ఆరేళ్లుగా బీపీ ఉంది, మందులు వాడుతున్నారు. షుగరు, గుండె జబ్బు లేవు.

చికిత్స: ల్యాప్రోస్కోపిక్ కోలీసిస్టెక్టమీ, జనరల్ అనస్థీషియాలో. జూన్ 18 నుంచి 20 వరకు, రెండు రాత్రులు. అంచనా ఖర్చు 1,10,000 రూపాయలు, విభజన జత చేసిన ఎస్టిమేట్‌లో ఉంది. గది రోజుకి 4,500, మా అర్హత 5,000 పరిమితిలోనే ఉంది. తల్లిదండ్రులకి వర్తించే 10 శాతం కో-పే మేము చెల్లిస్తాం.

పాలసీలో పాత జబ్బులకు మొదటి రోజు నుంచి కవరేజీ ఉంది. ఇంకేమైనా వివరాలు కావాలంటే నా నంబరు (…)కి గానీ, ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్ (…)కి గానీ తెలియజేయగలరు.

(సంతకం, తేదీ)

‘దయచేసి మా ఆర్థిక పరిస్థితి దృష్ట్యా’ లాంటి వాక్యాలు ఇందులో లేవు, గమనించండి. అవి నిజమే కావచ్చు. కానీ ఫైలు చూసేవాళ్లకి వాటితో నిర్ణయం మార్చే అధికారం ఉండదు. కో-పే అంటే పాలసీ ప్రకారం బిల్లులో మనం కట్టుకోవాల్సిన వాటా.

ఏవి జతచేయాలి?

ఈ-కార్డు, పేషెంటు గుర్తింపు కార్డు, ఉద్యోగి ఐడీ, సర్జను రాసిన అడ్మిషన్ సలహా, మొదటి ఓపీ చీటీ, స్కాన్, రక్తపరీక్షల రిపోర్టులు, స్టాంపు ఉన్న ఎస్టిమేట్. బీపీ మందుల చీటీ కూడా. ఈ-కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉండటం తరచూ కనిపిస్తుంది. వయసు తేడా కూడా. వీలైతే అడ్మిషన్‌కి ముందే హెచ్‌ఆర్ ద్వారా సరిచేయించండి. టైం లేకపోతే ‘రెండు కార్డుల్లోనూ ఉన్నది ఒకే వ్యక్తి’ అని హెచ్‌ఆర్ మెయిల్ తీసుకుని జతచేయండి.

క్వెరీ వస్తే జవాబు ఎవరివ్వాలి?

వైద్య సంబంధమైనది అయితే డాక్టరే, లెటర్‌హెడ్ మీద. మీరు వివరించే ప్రయత్నం చేయొద్దు. మీ పని ఆ క్వెరీ ఏమిటో అక్షరాలా తెలుసుకోవడం. ‘ఏవో డాక్యుమెంట్లు అడిగారట’ అన్న డెస్క్ మాటతో ఆగకుండా క్వెరీ కాపీ చూపించమనండి. మన కేసులో రాగల క్వెరీ ఇలా ఉంటుంది: ‘మొదటిసారి ఎప్పుడు చూపించారో, అప్పటి చీటీ పంపండి.’ మే 26 చీటీ పోయి ఉంటే, ఆ తేదీతో ఆస్పత్రి రికార్డు నుంచి కాపీ, లేదా డాక్టరు సర్టిఫికెట్ తీసుకోవాలి. పాత తేదీ వేసి కొత్త చీటీ రాయించుకోవడం మాత్రం ఎవరు సలహా ఇచ్చినా ఒప్పుకోవద్దు. అది పట్టుబడితే అసలు క్లెయిమే పోతుంది.

1,10,000 అడిగితే 60,000 మాత్రమే అనుమతించారు. మిగతాది మేం కట్టాలా?

తొందరపడొద్దు. మొదటి అనుమతి తరచూ కొంత మొత్తానికే ఇస్తారు. ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రి తుది బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ పంపి మిగతాది అడుగుతుంది, దాన్నే ఎన్‌హాన్స్‌మెంట్ అంటారు. తేల్చుకోవాల్సింది ఒక్కటే: తగ్గించింది తాత్కాలికంగానా, లేక ప్యాకేజీ రేటో, ఆ జబ్బుకి పాలసీలో ఉన్న పరిమితో కారణమా? అప్రూవల్ లెటర్ కింద రిమార్కుల్లో ఉంటుంది. రెండోరకం అయితే డిశ్చార్జ్ రోజు పెరగదు, ఆ డబ్బు ముందే సిద్ధం చేసుకోవాలి.

అంతా సవ్యంగా జరిగితే అమ్మగారి లెక్క ఇలా తేలుతుంది. గ్లౌజులు, కిట్లలాంటి చెల్లించని వస్తువులు 4,000 అనుకుందాం. మిగిలిన 1,06,000లో పది శాతం కో-పే 10,600. ఇన్సూరెన్స్ ఇచ్చేది 95,400. ఇంటినుంచి పెట్టేది 14,600. అడ్మిషన్‌లో ఆస్పత్రి అడిగే డిపాజిట్ ఇంతకంటే ఎక్కువ ఉంటే, క్యాష్‌లెస్ అనుమతి చూపించి తగ్గించమని అడగొచ్చు.

క్యాష్‌లెస్ తిరస్కరిస్తే?

క్యాష్‌లెస్ రాకపోవడమూ, క్లెయిమ్ రాకపోవడమూ ఒకటి కాదు. ప్రీ-ఆథ్ తిరస్కరణ లెటర్లలో సాధారణంగా ఆ మాట ఉంటుంది కూడా. కారణం కాగితాలు చాలకపోవడమే అయితే, అవి చేర్చి మళ్లీ పంపొచ్చు. తేదీకి ఇంకా వ్యవధి ఉంటే నేను మొదట చేసేది అదే. ఆపరేషన్ ఆపలేకపోతే డబ్బు కట్టి చేయించుకుని, రీయింబర్స్‌మెంట్ పెట్టండి. దానికి గడువు పాలసీని బట్టి ఉంటుంది, డిశ్చార్జ్ రోజే చూసుకోండి.

కారణం తప్పు అనిపిస్తే హెచ్‌ఆర్, బ్రోకర్ ద్వారా ముందు అడిగించండి. గ్రూప్ పాలసీ మొత్తం కంపెనీది కాబట్టి ఆ మాటకి బరువుంటుంది. అప్పటికీ తేలకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాసి, ఆ తర్వాత ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఇక్కడ కూడా మీ కవరింగ్ లెటర్, మెయిల్ పంపిన తేదీ సాక్ష్యంగా నిలుస్తాయి.

డిశ్చార్జ్ రోజు గంటలకొద్దీ కూర్చోపెడుతున్నారు, ఏం చేయాలి?

ఆస్పత్రి నుంచి తుది అభ్యర్థన అందిన మూడు గంటల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చాలి. ఆలస్యమై ఆస్పత్రి అదనంగా గది అద్దె వేస్తే దాన్ని ఇన్సూరెన్స్ కంపెనీయే భరించాలని అదే 2024 సర్క్యులర్ చెబుతోంది. అందుకే అడగాల్సిన ప్రశ్న ‘అప్రూవల్ వచ్చిందా’ కాదు, ‘తుది బిల్లు ఎన్నింటికి పంపారు’. చాలాసార్లు బిల్లు ఇంకా ఆస్పత్రి లోపలే, ఫార్మసీ లెక్కల దగ్గరో, సమ్మరీ టైపు అవుతూనో ఉంటుంది. ముందురోజు సాయంత్రమే డాక్టర్ని సమ్మరీ సిద్ధం చేయమని కోరితే ఆ ఆలస్యం తగ్గుతుంది.

మే నెలలో అయిన స్కాన్, కన్సల్టేషన్ ఖర్చు ఈ లెటర్‌లో అడగొచ్చా?

ఇందులో కాదు. అది క్యాష్‌లెస్‌లో రాదు. చాలా పాలసీల్లో అడ్మిషన్‌కి ముందు 30 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల ఖర్చుని విడిగా రీయింబర్స్ చేస్తారు. అడ్మిషన్ జూన్ 18 కాబట్టి మే 19 నుంచి ఉన్న బిల్లులు లెక్కలోకి వస్తాయి, మే 26, 27 నాటివి రెండూ అందులోనే ఉన్నాయి. అసలు బిల్లులూ, డబ్బు కట్టిన రసీదులూ, డాక్టరు చీటీ కలిపి ఒక కవరులో ఉంచండి. ప్రీ-ఆథ్‌కి ఆస్పత్రికి ఇచ్చేది జెరాక్స్ కాపీలే కావాలి.